నీలిమంట సాక్ష్యం

నీలంగా మండే సారా మనిషిని చంపదు. భూపాలపల్లిలో ఈ మాట నమ్మనివారు లేరు. బొగ్గు తవ్వేవాళ్ళు నమ్మారు, వాళ్ళ ఇల్లాళ్ళు నమ్మారు. సారా కుండలు పగలగొట్టడానికి వచ్చే ఎక్సైజు జవాను సైతం కర్ర ఎత్తే ముందు ఒక చెంచాడు బండ మీద పోసి, అగ్గిపుల్ల గీసి, మంట రంగు చూసి తల ఊపేవాడు. ఆ తర్వాతే పగలగొట్టేవాడు.

అందరికంటే ఎక్కువ నమ్మింది రాజమణి. ఆమెకు ఆ పరీక్ష నేర్పింది బచ్చన్నపేటలోని అమ్మమ్మ. పొద్దున దించిన ఈతకల్లు సాయంత్రానికి పులిసి ఎవరూ తాగనంత పుల్లనైతే ఆ ముసలామె పారబోసేది కాదు. దాన్ని కుండలో కాచి సారా తీసేది. రాజమణి భర్త వెనక ఈ బొగ్గు ఊరికి వచ్చి, గనిలో పైకప్పు కూలి ఆయన పోయాక, అదే విద్యతో బతికింది. ఇక్కడ ఈతచెట్లు ఆమె చేతిలో లేవు గనుక బెల్లం వాడింది. మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చే నల్లబెల్లాన్ని నీళ్ళలో కరిగించి, పటిక, తుమ్మచెక్క వేసి ఐదారు రోజులు పులియనిచ్చేది. బుడగలు ఆగాక పొయ్యి మీదికి ఎక్కించి, కుండ మూతి మీద చన్నీళ్ళ గిన్నె కూర్చోబెట్టి, అంచులకు మెత్తటి మట్టి మెత్తేది. ఆవిరి ఆ గిన్నె చల్లని అడుగుకు తగిలి, చుక్కలై, లోపల అమర్చిన తట్టలో పడి, గొట్టం గుండా బయటి సీసాలోకి దిగేది. మొదటి సీసాకు అగ్గి చటుక్కున అంటుకుంటుంది. నడిమి సీసా వెలిగీ వెలగనట్టు ఉంటుంది. కడపటిదానికి అసలు అంటుకోదు. అంటుకోనిదాన్ని ఆమె ఎన్నడూ ఎవరికీ పోయలేదు.

రెండు వేల పదకొండు సెప్టెంబరు. రాష్ట్రం కోసం సకల జనులూ పనులు మానుకున్న నెల. బస్సులు డిపోలు దాటలేదు. బడులు తెరవలేదు. గనుల్లోకి బొగ్గు కార్మికులు దిగలేదు. చౌరస్తాలో టెంటు వేసి, రోడ్డు మీదే వంటావార్పు పెట్టి, లారీలను నిలిపేశారు. మందు దుకాణాలకు సరుకు రావడం తగ్గింది. జీతం లేని నెలలో ఎలాగూ సీసా కొనేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ రాజమణి గుడిసె వైపు తల తిప్పని వాళ్ళు కూడా ఆమె బెల్లపు సారాకు, అంటే గుడుంబాకు, వరుస కట్టారు.

బెల్టు షాపు వీరస్వామికి అది గిట్టలేదు. దొంగచాటు దుకాణం అయినా అతనిది ఫ్యాక్టరీ సరుకు, మూతకు సీలు ఉన్న సరుకు. ఆ గర్వం అతని నడకలో కనిపించేది. టెంటు కింద వంటకు బియ్యం అతనే పంపుతున్నాడు గనుక, ఉద్యమంలో అతని మాటకు బరువు కూడా వచ్చింది.

రాస్తారోకోలో చౌరస్తా దగ్గర ఒక లారీ ఐదు రోజులు నిలిచిపోయింది. అందులో నీలిరంగు డ్రమ్ములు. ఆ డ్రైవరు తిండికి కటకటపడుతుంటే వీరస్వామి అన్నం పెట్టాడు. ఆరో నాడు ఆ అన్నానికి బదులుగా ఒక డ్రమ్ము వీరస్వామి దుకాణం వెనక్కి చేరింది. దాని మీది కాగితం సగం చిరిగిపోయి ఉంది.

ఆ మధ్యాహ్నమే వీరస్వామి ఒక గాజు సీసాలో ఆ డ్రమ్ము సరుకు పట్టుకుని రాజమణి గుడిసెకు వచ్చాడు.

"అక్కా, జర గిది చూడు. గ్రెయిన్ స్పిరిటట. జొన్నలు, నూకలు ఉడకబెట్టి తీస్తరట, ఆరంతస్తుల గొట్టాలళ్ళ. డ్రైవరు చెప్పిండు."

"జొన్నలు పులుస్తయా?" అని అడిగింది రాజమణి. "బెల్లంల తీపి ఉంటది, పులుస్తది. జొన్నలళ్ళ ఏముంటది?"

"గదేదో మందు ఏసి జొన్నల పిండిని తీపి చేస్తరట. గప్పుడు పులుస్తదట. నీ లెక్క కుండకు మట్టి పూసుడు గాదు, ఫ్యాక్టరీ."

ఆమె సీసా మూత తీసి వాసన చూసింది. పులుపు లేదు, బెల్లపు కమరు లేదు. ఏ వాసనా లేనంత తేలిక. ఆమె సారాలో ఎంత కాచినా పోని ముతకదనం ఇందులో లేదు. కొంచెం అసూయ కూడా కలిగింది. సత్తు మూతలో నాలుగు చుక్కలు పోసి, మంట రంగు కనబడేలా తలుపు దగ్గరగా వేసి, అగ్గిపుల్ల గీసింది. మంట నీలంగా, పొగ లేకుండా, నిశ్శబ్దంగా లేచింది. మూతలో తడి కూడా మిగలకుండా మండిపోయింది.

"నా దానికన్న సుద్దమైంది," అంది ఒప్పుకోలుగా.

"గంతే గద. రాజమణక్క పాస్ చేసిందంటే ఊరంత పాసే," అని నవ్వుకుంటూ పోయాడు వీరస్వామి. సాయంత్రానికి ఆ స్పిరిట్‌లో నీళ్ళు కలిపి, చక్కెర మాడ్చి రంగు పోసి, గ్లాసులకెత్తాడు. గ్లాసు ధర గుడుంబా కంటే తక్కువ పెట్టాడు.

*

మూడో పొద్దున ఓదెలు చనిపోయాడు. గంట తిరగకముందే సమ్మయ్య పోయాడు. ఇద్దరూ టెంటు కింద డప్పు కొట్టేవాళ్ళే. చావుకు ముందు ఇద్దరూ కళ్ళ ముందు తెల్లటి మబ్బు కమ్మిందని చెప్పారు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగారు. పరుగెత్తినవాళ్ళలా లోతుగా ఊపిరి లాగారు.

ఊళ్ళో క్షణాల్లో ఒకే మాట పాకింది: గుడుంబా చంపింది.

రాజమణి అప్పుడు పులిసిన బెల్లం నీళ్ళను కుండకెత్తుతోంది. గుడిసె ముందు ముప్పై మంది నిలబడ్డారు. ముందున్నవాడు సాగర్, సమ్మె టెంటుకు పెద్ద, చదువుకున్న గని ఉద్యోగి. వాళ్ళెవరూ ఆమెను ఏమీ అడగలేదు. ముందు పొయ్యి మీది కుండ పగిలింది. తర్వాత పులియబెట్టిన నాలుగు కాగులు బోర్లపడ్డాయి. ఐదు రోజుల పని గుడిసె ముందు బురదైంది.

"తెలంగాణ కోసం మేం పస్తులుంటే నువ్వు మా పోరగాండ్లను చంపుతున్నవా?" అన్నాడు సాగర్.

"సాగరూ, నువ్వు మొన్న రాత్రి ఈడనే కూసోని తాగినవు," అంది రాజమణి. ఆమె గొంతు పైకి లేవలేదు. కోపం ఎక్కువైనప్పుడు ఆమె గొంతు దిగిపోతుంది. "నువ్వెందుకు చావలే?"

పక్కవాడెవడో "ఎక్కువ మాట్లాడకు" అన్నాడు.

అంతలో గుంపును చీల్చుకుంటూ ముత్తమ్మ వచ్చింది. ముత్తమ్మ రాజమణి తమ్ముడు యాకయ్య భార్య. జుట్టు ముడి వీడిపోయి ఉంది, పాదాలకు చెప్పులు లేవు.

"వదినా, మీ తమ్ముడికి కండ్లు కనబడ్తలేవు. దవాఖానల పడేసిన. పొగమంచు పొగమంచు అంటున్నడు. నీ ఇంట్ల తాగిండు, నీ చేత్తోనే పోసినవు. తోడబుట్టినోన్ని గిట్ల జేస్తరా?"

రాజమణి చేతిలోని గరిటె కింద పెట్టింది. తమ్ముడు తన దగ్గర రెండు గ్లాసులు తాగిన మాట నిజం. అది ముందటి రోజు సాయంత్రం. ఆ తర్వాత ఎక్కడికి పోయాడో కూడా ఆమెకు తెలుసు. "ఇంకో గ్లాసు" అంటే ఆమె ఇవ్వనన్నది. "వీరన్న దగ్గర ఫ్యాక్టరీది ఉన్నది, నువ్వే పాస్ చేసినవట గద" అని వెక్కిరించి పోయాడు.

నువ్వే పాస్ చేసినవట గద. ఆమె ముత్తమ్మ చేయి పట్టుకుని దవాఖాన వైపు నడిచింది. గుంపు వెనకే వచ్చింది.

*

దవాఖానలో డ్యూటీలో ఉన్నది డాక్టర్ హఫ్సా. లింగాల ఘనపూర్ దగ్గరి పల్లెలో పుట్టిన పిల్ల, ముప్పై దాటలేదు. యాకయ్య మంచం మీద ఉన్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నా అవి అక్కను పట్టుకోలేకపోయాయి.

"తమ్మీ, యాకా, నేనే."

"అక్కా, దీపం వెలిగించవే," అన్నాడు యాకయ్య. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

"ఏం తాగిండు?" అని హఫ్సా అడిగింది.

"గుడుంబా," అన్నారు వెనక నలుగురు ఒకేసారి. ఆ నలుగురిలో వీరస్వామి గొంతు అందరికంటే స్పష్టంగా వినిపించింది. టెంటుకు బియ్యం పంపే మనిషి పేరు ఇంకెవరి నోటికీ రాలేదు.

రాజమణికి ఒక్క క్షణంలో అన్నీ అర్థమయ్యాయి. నోరు మూసుకుంటే ఆమె దోషి. నోరు తెరిచినా ఆమె దోషే, ఎందుకంటే ఆ డ్రమ్మును శుద్ధమన్నది ఆమె నోరే. తేడా ఒక్కటే. మొదటిదానిలో తమ్ముడు చస్తాడు.

"డాక్టరమ్మా, నా గుడుంబా రెండు గ్లాసులు తాగిండు. గది నిజం. అటెన్క వీరస్వామి దుకాణంల డ్రమ్ముల స్పిరిట్ తాగిండు. ఓదెలు, సమ్మయ్య నా ఇంటి మొఖం చూడలే, ఆ డ్రమ్ముదే తాగిండ్రు. ఒట్టి నా దగ్గరనే తాగినోళ్ళు పది మంది ఉన్నరు. సాగరు ఉన్నడు సూడు, నీ ముందటనే నిలబడ్డడు. ఒక్కనికన్న కడుపునొప్పి లేదు. ఆ డ్రమ్మును నేనే మంట పెట్టి మంచిదన్న. తప్పు నాది. గానీ, ముందుగాల వీన్ని సూడు."

వీరస్వామి "అబద్ధం" అన్నాడు. హఫ్సా అతని వైపు చూడలేదు. సాగర్ వైపు చూసింది. సాగర్ తల వంచుకుని, "నేను ఈమె దగ్గరనే తాగిన మేడం, నాకేం కాలే," అన్నాడు.

హఫ్సా యాకయ్య రెప్పలు పైకెత్తి, చిన్న టార్చి వేసి చూసింది. ఆమె ముఖం మారింది.

"బెల్లం పులిస్తే, జొన్నలు పులిస్తే, కల్లు పులిస్తే వచ్చేది ఒక్కటే మత్తు. పేరు ఇథనాల్," అంది, ఇంజక్షన్ సిద్ధం చేస్తూనే. "ఇది అది కాదు. రంగులు, వార్నీషులు చేసే ఫ్యాక్టరీల వాడే మిథనాల్. కట్టె సారా అంటరు. తాగంగనే ఏం కాదు. లివర్ దాన్ని విరగ్గొట్టినప్పుడు యాసిడ్ పుడ్తది. ఆ యాసిడే కండ్లను తింటది."

"అయితే నా గుడుంబా…"

"నీ గుడుంబా ఈయనకు ఒక్క పూట ఆయుష్షు ఇచ్చింది. లివర్ ముందు ఇథనాల్ పని చూసుకుంటది, అది అయ్యేదాక మిథనాల్‌ను ముట్టుకోదు. ఒట్టి డ్రమ్ముదే తాగినోళ్ళు ముందు పోయిండ్రు. ఇప్పుడు కూడా మందు అదే. ఇథనాల్ పోయాలె, వరంగల్‌ల రక్తం శుద్ధి చేసేదాక లివర్‌ను దాంతోనే నింపి ఉంచాలె. మా దవాఖానల లోపలికి ఇచ్చే ఇథనాల్ లేదు."

రాజమణి కళ్ళు వెలిగాయి. "నా దగ్గర ఉన్నది. మొదటి సీసా, పొయ్యి వెనక పాతిపెట్టిన. వాళ్ళకు కనబడలే. తెస్త."

"వద్దు."

"ఏంది వద్దు?"

"దాని బలం ఎంతో నీకు తెల్వదు, నాకు తెల్వదు. ఎక్కువైతే ఊపిరి ఆగుతది, తక్కువైతే పని చెయ్యదు. అందుల ఇంకేం కలిసిందో కూడా తెల్వదు. సీలు ఉన్న బ్రాండీ కావాలె. దాని మీద బలం నూటికి నలభై రెండు పాయింట్ ఎనిమిది అని రాసి ఉంటది. నేను లెక్క కట్టి, నీళ్ళల కలిపి, ముక్కు గొట్టం నుంచి పోస్త."

ముప్పై ఏళ్ళ పని ఒక అంకె ముందు ఓడిపోయిందన్న అవమానంతో రాజమణి చెంపలు కాలిపోయాయి. కానీ వాదించడానికి తమ్ముడి ఊపిరి సమయం ఇవ్వలేదు. ఆమె వెనక్కి తిరిగి వీరస్వామి ముందు నిలబడింది.

"సీలు సీసా తీయి."

"నా దగ్గర సరుకు లేదు. సమ్మె గద."

"నీ గల్లాపెట్టె కింద గోనెసంచుల ఆరు ఉన్నయి. పోలీసులకు ఇచ్చేటందుకు దాసుకుంటవు. నాకు తెల్వదనుకున్నవా?"

"అక్కా, కేసైతది. నా పేరొస్తది."

రాజమణి అతని చొక్కా పట్టుకోలేదు, తిట్టలేదు. ఒక్కొక్క మాటా నేల మీద పెట్టినట్టు అంది: "ఓదెలు పెండ్లాం నీ ఇంటి ముందట్నే బోర్ల పడి ఏడుస్తున్నది. నీ బియ్యం తిని ఎవ్వడూ నోరు ఇప్పలే. వీనికేమన్న అయితే ఆ డ్రమ్ము కాడనే కూసుంట. మొత్తం తాగుత. గప్పుడు చెప్పు, గుడుంబా చంపిందని."

వీరస్వామి కదల్లేదు. కదిలింది సాగర్. దుకాణం వైపు ఉరికాడు. ఇంకో ఇద్దరు అతని వెంట పోయారు. పది నిమిషాల్లో రెండు సీలు సీసాలు, వాటితో పాటు డ్రమ్ములోంచి ముంచిన మందుతో ఒక సీసా వచ్చాయి.

హఫ్సా మూత తిప్పేటప్పుడు సీలు చిటుక్కుమని విరిగింది. గీతలున్న గాజు గ్లాసులో కొలిచింది. యాకయ్య బరువు అడిగింది, కాగితం మీద ఏదో లెక్క వేసింది. గొట్టం గుండా బ్రాండీ కలిపిన తీపి నీళ్ళు సన్నగా దిగుతుంటే రాజమణి ఆ ధారనే చూస్తూ నిలబడింది. జీవితమంతా తను పోసిన ధారలు ఇంత జాగ్రత్తగా ఎవరూ చూడలేదు. ముత్తమ్మ ఆమె భుజం మీద తల ఆనించింది. క్షమాపణ అడగలేదు. రాజమణి కూడా దాన్ని కోరలేదు.

నూటఎనిమిది అంబులెన్సు వచ్చేసరికి మబ్బు పట్టి, వరండా చీకటైంది. రాస్తారోకో గుంపు దానికి దారి ఇచ్చింది. యాకయ్యను ఎక్కించేటప్పుడు ఊపిరి కాస్త నెమ్మదించింది. కళ్ళ సంగతి అడిగితే, "ప్రాణం నిలుస్తదనుకుంటున్న. చూపు ఎంత మిగులుతదో చెప్పలేను," అంది హఫ్సా. ముత్తమ్మ అంబులెన్సు ఎక్కింది. తలుపు మూతపడింది.

*

వరండాలో జనం కదల్లేదు. వాళ్ళకు ఒక తీర్పు కావాలి. వీరస్వామికి అది తెలుసు. డ్రమ్ము సీసా చేతిలోకి తీసుకుని గట్టిగా అన్నాడు:

"డాక్టరమ్మ ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది. మనకు తెలిసిన పరీక్ష ఉండనే ఉన్నది. రాజమణక్క స్వయంగా చేసిన పరీక్షనే. చూడుండ్రి."

గట్టు మీద ఉన్న స్టీలు గిన్నెలో నాలుగు చుక్కలు పోసి అగ్గిపుల్ల గీశాడు. ఆ మసక వెలుతురులో మంట నీలంగా లేచింది. పొగ లేదు. వెనక నుంచి ఒక ముసలాయన "నీలంగనే ఉన్నది గదా," అన్నాడు. నిమిషం కిందట తల వంచుకున్నవాళ్ళు తలలెత్తారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆ చూపులు మళ్ళీ రాజమణి మీదికి తిరిగాయి.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అమ్మమ్మ మీద, అగ్గిపెట్టె మీద, ముప్పై ఏళ్ళుగా ఒక్కసారైనా ప్రశ్నించని తన బుద్ధి మీద.

"డాక్టరమ్మా," అంది. "ఓదెలును చంపిన ఆ మిథనాలు మీ దగ్గర ఉన్నదా? కల్తీ లేనిది?"

హఫ్సా లోపలికి పోయి, ల్యాబు బీరువాలోంచి ఒక గోధుమరంగు సీసా తెచ్చింది. "మలేరియా కోసం రక్తం చుక్కను గాజుపలక మీద పెట్టి రంగు వేసేటప్పుడు వాడతం. ముట్టుకోకు, నేను పోస్త. జర దూరం జరుగుండ్రి."

గిన్నెను కడిగి, తుడిచి, మధ్యలో ఐదారు చుక్కలు వేసింది. సీసా మూత బిగించి దూరంగా పెట్టింది.

"నీలిమంట చెప్పేది ఒక్కటే," అంది హఫ్సా. "అందుల నీళ్ళు తక్కువున్నయని. ఇంకేం చెప్పదు. మండేది అన్నమో విషమో మంటకు తెల్వదు."

అగ్గిపెట్టె రాజమణి చేతికి ఇచ్చింది. వీరస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. సాగర్ ముందుకు వంగాడు. రాజమణి పుల్ల గీసి, అమ్మమ్మ నేర్పినట్టే గిన్నె అంచు నుంచి లోపలికి వంచింది.

మంట నీలంగా లేచింది. పొగ లేదు. తడి మిగల్లేదు.

పక్కన గట్టు మీద ఉన్న గోధుమరంగు సీసాకు పుర్రె బొమ్మ ఉంది. దాని కింద మిథనాల్, విషం అని అచ్చు వేసి ఉంది. మిథనాల్ కూడా నీలంగానే మండుతుంది.